హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ రిపోర్టు చదవడం: ముందు వయసు, తర్వాతే శాతాలు

మూడు నెలల పాప రిపోర్టులో ఫీటల్ హిమోగ్లోబిన్ 25 శాతం అని ఉంటే కంగారు పడాల్సిన పనేమీ లేదు. అదే 25 శాతం మూడేళ్ల పిల్లవాడి రిపోర్టులో కనిపిస్తే మాత్రం కారణం వెతకాల్సిందే. అంకె ఒకటే, అర్థం వేరు. పుట్టినప్పటి నుంచి సుమారు రెండేళ్ల దాకా రక్తంలోని హిమోగ్లోబిన్ రకాల పాళ్లు నెలనెలా మారుతూనే ఉంటాయి. అందుకే ఈ పరీక్షలో వయసు తెలియకుండా ఏ శాతాన్నీ చదవకూడదు. ఈ మార్గదర్శి ల్యాబ్‌లో పనిచేసేవారికి, పీజీ విద్యార్థులకు, రిపోర్టు చేతికొచ్చాక కుటుంబానికి వివరించాల్సిన వైద్యులకు పనికొచ్చేలా రాసినది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్, అన్ని చోట్లా బీటా థలసీమియా ఎదురవుతాయి కాబట్టి వాటి మీదే ఎక్కువసేపు నిలుస్తాం. ఆల్ఫా థలసీమియాను అవసరమైనంత వరకే తాకుతాం.

పిండం నుంచి పెద్దల హిమోగ్లోబిన్‌కు మార్పు

హిమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులుంటాయి. అందులో రెండు ఆల్ఫా గొలుసులు. పిండ దశ మొదటి వారాలు దాటాక ఇవి జీవితాంతం మారవు. మిగిలిన జత ఏదన్నదాన్ని బట్టే రకం మారుతుంది. ఆల్ఫాతో గామా కలిస్తే ఎఫ్, బీటా కలిస్తే ఎ, డెల్టా కలిస్తే ఎ2. ఆల్ఫా జన్యువులు 16వ క్రోమోజోమ్ మీద, గామా, డెల్టా, బీటా జన్యువులు 11వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. 11వ క్రోమోజోమ్ మీద ఇవి వాడుకలోకి వచ్చే క్రమంలోనే వరుసగా పేర్చి ఉంటాయి: ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా.

గర్భంలో ఉన్నంతకాలం గామాదే రాజ్యం. ఎఫ్‌కు ఆక్సిజన్ మీద పట్టు ఎక్కువ కాబట్టి తల్లి రక్తం నుంచి దాన్ని తేలిగ్గా లాక్కోగలదు. బీటా ఉత్పత్తి గర్భంలోనే కొద్దిగా మొదలై, చివరి వారాల్లో ఊపందుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఎఫ్ సాధారణంగా 60 నుంచి 80 శాతం, కొందరిలో ఇంకా ఎక్కువ. మిగిలినదాంట్లో దాదాపు అంతా ఎ. ఎ2 ఒక శాతం లోపే. పుట్టాక ఎఫ్ వేగంగా తగ్గుతూ ఆరు నెలలకు చాలామందిలో 8 శాతం లోపుకి, ఏడాదికి 2, 3 శాతానికి, ఆ తర్వాత ఒక శాతం చుట్టుపక్కలకు వస్తుంది. ఎ2 కూడా పెద్దల స్థాయికి చేరడానికి ఏడాది, కొందరిలో ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఈ మార్పు పుట్టుకతో మొదలవదు, గర్భం దాల్చిన రోజు నుంచి లెక్కించే వయసును అనుసరిస్తుంది. ఎనిమిది వారాల ముందు పుట్టిన బిడ్డకు రెండు నెలలు నిండినా, ఎఫ్ విషయంలో ఆ బిడ్డను ఇప్పుడే పుట్టినట్టు చూడాలి. తల్లికి మధుమేహం ఉన్న బిడ్డల్లో కూడా ఈ మార్పు కాస్త ఆలస్యమవుతుంది.

గామాను ఆపేదెవరన్న ప్రశ్నకు ఈ శతాబ్దం తొలి దశాబ్దంలోనే గట్టి జవాబు దొరికింది. బీసీఎల్11ఎ అనే ప్రొటీన్ గామా జన్యువు ప్రమోటర్ మీద కూర్చుని దాన్ని నొక్కిపెడుతుంది. ఈ అణచివేతను తొలగిస్తే పెద్దల్లోనూ ఎఫ్ మళ్లీ తయారవుతుంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో సికిల్ సెల్ రోగులకు అనుమతి పొందిన జన్యు సవరణ చికిత్స సరిగ్గా ఈ మీటనే నొక్కుతుంది. రిపోర్టు చదివేవారికి ఇందులో తేలే విషయం మరొకటి: ఎఫ్ తగ్గడం ఒక చురుకైన ప్రక్రియ, కాబట్టి అది తగ్గనప్పుడు ఎందుకు తగ్గలేదని అడగాలి.

శాంపిల్ తీసేముందు అడగాల్సినవి

ఈడీటీఏ గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం చాలు. పసిబిడ్డలకు 0.5 మిల్లీలీటరు కూడా సరిపోతుంది. వెంటనే చేయలేకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచి వారంలోపు చేయాలి. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు. పాతబడ్డ శాంపిల్‌లో కణాలు చితికి, బ్యాండ్లు పలచబడి, హెచ్‌పీఎల్‌సీలో అసలు ఎ ముందు అనవసరపు శిఖరం పెరుగుతుంది.

రిక్వెస్ట్ ఫారంలో మూడు విషయాలు లేకపోతే శాంపిల్ తెచ్చినవారినే అడిగి రాయండి. మొదటిది వయసు, పసిబిడ్డ అయితే ఎన్ని వారాలకు పుట్టాడన్నది. రెండోది, గత మూడు నాలుగు నెలల్లో రక్తం ఎక్కించారా అన్నది. ఎక్కించి ఉంటే మీరు చూస్తున్నది కొంత దాతది. థలసీమియా మేజర్ బిడ్డలో ఎ ఎక్కువగా కనిపించేది ఇలాగే. దాతకే సికిల్ ట్రెయిట్ ఉంటే బిడ్డ రిపోర్టులో కొద్దిపాటి ఎస్ కూడా వస్తుంది. కనీసం మూడు నెలలు ఆగి పరీక్ష చేయాలి. ఆగే వీలు లేకపోతే తల్లిదండ్రుల రక్తం చూడటమే మేలు. మూడోది వాడుతున్న మందులు: హైడ్రాక్సీయూరియా ఎఫ్‌ను పెంచుతుంది, హెచ్‌ఐవీకి వాడే జిడోవుడిన్ ఎ2ను కాస్త పెంచగలదు.

దీంతోపాటు పూర్తి రక్త పరీక్ష అంకెలు పక్కన ఉండాలి: హిమోగ్లోబిన్, ఎర్రకణాల సంఖ్య, ఎంసీవీ, ఎంసీహెచ్. ఫెరిటిన్ ఉంటే ఇంకా మంచిది. ఇవి లేకుండా ఇచ్చే ఎలక్ట్రోఫోరెసిస్ రిపోర్టు సగం రిపోర్టే.

పరీక్ష చేయడం: క్షార మాధ్యమంలో సెల్యులోజ్ ఎసిటేట్

ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ, క్యాపిలరీ యంత్రాలే నడుస్తున్నాయి. అయినా చేతితో చేసే పద్ధతి తెలిస్తేనే యంత్రం ఎక్కడ తడబడుతుందో అర్థమవుతుంది.

1. కణాలను ప్లాస్మా నుంచి వేరుచేసి 0.9 శాతం సెలైన్‌తో మూడుసార్లు కడగండి. ప్లాస్మా మిగిలితే దాని ప్రొటీన్లు పాన్సో రంగు పట్టి దొంగ బ్యాండ్ చూపిస్తాయి.
2. కడిగిన కణాలను హీమోలైజింగ్ రీజెంట్‌తో చితక్కొట్టి, అయిదు నిమిషాలు ఆగి, ద్రావణం తేటగా ఉందో లేదో చూడండి. మబ్బుగా ఉంటే సెంట్రిఫ్యూజ్ చేయండి.
3. బఫర్ కోసం ట్రిస్ 10.2 గ్రాములు, ఈడీటీఏ 0.6 గ్రాము, బోరిక్ యాసిడ్ 3.2 గ్రాములు నీటిలో కరిగించి లీటరు చేయండి. పీహెచ్ 8.5 ఉండాలి.
4. సెల్యులోజ్ ఎసిటేట్ ప్లేటును బఫర్‌లోకి నెమ్మదిగా దించి కనీసం అయిదు నిమిషాలు నాననివ్వండి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగలు చిక్కుకుని, అక్కడ బ్యాండ్లు వంకర పోతాయి. తీసి బ్లాటింగ్ కాగితంతో అద్దండి. పూర్తిగా ఆరనివ్వకండి.
5. శాంపిళ్లతోపాటు ఎ, ఎఫ్, ఎస్, సి నాలుగూ ఉన్న కంట్రోల్‌ను ప్రతి ప్లేటులోనూ పెట్టండి. ఋణ ధ్రువం వైపు అంచుకు దగ్గరగా అప్లికేటర్‌తో సన్నని గీతలా వేయండి.
6. 350 వోల్టుల వద్ద 25 నిమిషాలు నడపండి.
7. పాన్సో ఎస్ రంగులో అయిదు నిమిషాలు ఉంచి, 5 శాతం ఎసిటిక్ యాసిడ్‌తో వెనుక తెల్లబడే దాకా కడగండి.

బ్యాండ్లన్నీ తోకలు సాగితే హిమోగ్లోబిన్ ఎక్కువ వేశారని అర్థం. అన్ని లేన్లలోనూ బ్యాండ్లు విల్లులా వంగితే బఫర్ వేడెక్కింది, లేదా ప్లేటు ఎండింది. కంట్రోల్‌లో ఎస్, ఎఫ్ విడిపోలేదంటే ఆ ప్లేటును చదవకండి, మళ్లీ చేయండి. ఇక ఎ2 లాంటి సన్నటి బ్యాండును కంటితో చూసో, డెన్సిటోమీటర్‌తోనో శాతం రాయడం నమ్మదగింది కాదు. ప్లేటు ఏ రకం ఉందో చెబుతుంది, ఎంత ఉందో చెప్పడం హెచ్‌పీఎల్‌సీ, క్యాపిలరీ యంత్రాల పని.

బ్యాండ్ ఎక్కడ ఆగింది, అక్కడ ఇంకెవరు దాక్కుంటారు

పీహెచ్ 8.5లో హిమోగ్లోబిన్ ఋణావేశంతో ఉండి ధన ధ్రువం వైపు నడుస్తుంది. ఋణావేశం ఎంత తగ్గితే అంత వెనకబడుతుంది. ఈ ఒక్క సూత్రం మీద మొత్తం వరుసను ఊహించవచ్చు. సికిల్‌లో బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ బదులు వాలీన్ ఉంటుంది. అంటే ఒక ఋణావేశం పోయింది, కాబట్టి ఎస్ కాస్త వెనకబడింది. డి పంజాబ్‌లో 121వ స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ పోయి గ్లుటమిన్ వచ్చింది. అదీ ఒక్క ఆవేశమే, కాబట్టి సరిగ్గా ఎస్ ఆగిన చోటే ఆగుతుంది. ఇ, సి రకాల్లో గ్లుటామిక్ యాసిడ్ బదులు ధనావేశం ఉన్న లైసీన్ వచ్చింది. తేడా రెట్టింపు, వెనకబాటూ రెట్టింపే, రెండూ ఎ2 ఉండే చోటికి వచ్చి చేరతాయి.

అందువల్ల క్షార ప్లేటు మీద మొదలుపెట్టిన చోటి నుంచి ముందుకు చూస్తే ఇ, సి, ఎ2 ఒక గుంపు. తర్వాత ఎస్, డి, లెపోర్ మరో గుంపు. తర్వాత ఎఫ్, తర్వాత ఎ. ఎ కన్నా ముందు ఏదైనా పరుగెత్తితే హెచ్ లేదా బార్ట్స్, అంటే ఆల్ఫా లోపం గుర్తు.

ఎస్ చోట బ్యాండ్ కనిపించగానే సికిల్ అని రాయడం పెద్ద తప్పు. సొల్యుబిలిటీ పరీక్ష చేయండి, లేదా పీహెచ్ 6 దగ్గర సిట్రేట్ అగార్ మీద మళ్లీ నడపండి. అక్కడ ఎస్ ఒంటరిగా విడిపోతుంది, డి మాత్రం ఎ తోపాటే ఉండిపోతుంది. సి కూడా ఇ నుంచి విడివడుతుంది. నవజాత శిశువుల్లో సిట్రేట్ అగార్‌కు ఇంకో లాభం ఉంది: క్షార ప్లేటు మీద ఎఫ్ వెడల్పుగా పరుచుకుని పక్కనున్న కొద్దిపాటి ఎ ని మింగేస్తుంది, ఆమ్ల అగార్ మీద ఎఫ్ దూరంగా వెళ్లి ఎ ని బయటపెడుతుంది.

సొల్యుబిలిటీ పరీక్షను ఆరు నెలల లోపు బిడ్డల్లో నమ్మకూడదు. ఎస్ పాలు తక్కువగా ఉన్నప్పుడు గొట్టం మబ్బు పట్టదు. పైగా పాజిటివ్ వచ్చినా ట్రెయిటా, జబ్బా అన్నది ఆ పరీక్ష చెప్పదు.

పెద్దవారి రిపోర్టు: ఎ2 చుట్టూ తిరిగే ప్రశ్న

గర్భిణుల స్క్రీనింగ్‌లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మామూలుగా ఎ2 2 నుంచి 3.3 శాతం దాకా ఉంటుంది. ఎంసీవీ 80 లోపు, ఎంసీహెచ్ 27 లోపు ఉండి, ఎర్రకణాల సంఖ్య 50 లక్షలు దాటి, ఎ2 4 నుంచి 6 శాతం ఉంటే బీటా థలసీమియా ట్రెయిట్ అని ధీమాగా చెప్పవచ్చు. ఎఫ్ 1 నుంచి 3 శాతం దాకా ఉండొచ్చు.

చిక్కంతా 3.3 నుంచి 3.9 మధ్య. ఐరన్ లోపం ఎ2ను కొంత తగ్గిస్తుంది కాబట్టి ట్రెయిట్ ఉన్న మనిషి కూడా ఈ సందులోకి జారవచ్చు. బి12 లోపం, థైరాయిడ్ ఎక్కువ కావడం ఎ2ను కొంచెం పెంచి లేని ట్రెయిట్‌ను చూపించవచ్చు. గర్భిణి కానివారైతే ఐరన్ లోపం సరిచేసి మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. గర్భిణి విషయంలో ఆగకండి. భర్త రక్తం ఆ వారంలోనే చూడండి. ఆయన అంకెలు మామూలుగా ఉంటే తొందర పోతుంది. ఆయనకూ తేడా ఉంటే ఇద్దరికీ డీఎన్ఏ పరీక్ష పంపండి.

ఎ2 విండోలో 10 శాతం దాటిన అంకె కనిపిస్తే అది ఎ2 కాదు. హెచ్‌పీఎల్‌సీలో 25 నుంచి 30 శాతం ఉంటే ఇ ట్రెయిట్ కావచ్చు. 8 నుంచి 15 మధ్య ఉండి ఎంసీవీ తక్కువగా ఉంటే లెపోర్‌ను గుర్తుచేసుకోండి. క్యాపిలరీ యంత్రంలో ఇ, ఎ2 విడిపోతాయి కాబట్టి ఈ తికమక తక్కువ.

పెద్దవారిలో ఎఫ్ తగ్గకుండా ఉంటే

ఎఫ్ 5 నుంచి 20 శాతం ఉండి, ఎ2 మామూలుగానో తక్కువగానో ఉండి, ఎంసీవీ తక్కువగా ఉంటే డెల్టా బీటా థలసీమియా ట్రెయిట్. ఎఫ్ 15 నుంచి 30 శాతం ఉన్నా కణాలు మామూలు పరిమాణంలో ఉండి మనిషి ఆరోగ్యంగా ఉంటే, ఎఫ్ జీవితాంతం కొనసాగే వంశపారంపర్య స్థితి. రెండింటి మధ్య గీత ఎంసీవీ గీస్తుంది, ఎఫ్ శాతం కాదు. ఎఫ్ 90 శాతం చుట్టూ ఉండి, రక్తహీనత తీవ్రంగా ఉండి, ఏడాది లోపు బిడ్డ అయితే థలసీమియా మేజర్. గర్భధారణలో ఎఫ్ కాస్త పెరగడం మామూలే. ఏ వంశపారంపర్య కారణమూ దొరకని చిన్నపిల్లల్లో, ప్లీహం పెరిగి మోనోసైట్లు ఎక్కువగా ఉంటే, జువెనైల్ మైలోమోనోసైటిక్ ల్యుకీమియాను కూడా తలవాలి.

ఒక కుటుంబం లెక్క, అడుగడుగునా

అంకెలు ఉదాహరణ కోసం కూర్చినవే అయినా, ఇలాంటి రిపోర్టులు ఏజెన్సీ ప్రాంతాల స్క్రీనింగ్‌లో తటస్థపడతాయి. నెలలు నిండి పుట్టిన మూడు రోజుల పాప. ఎఫ్ 84 శాతం, ఎస్ 12 శాతం, ఎ కనిపించలేదు. రిపోర్టు భాషలో దీన్ని ఎఫ్ఎస్ అంటారు, ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయడం ఆనవాయితీ. ట్రెయిట్ అయి ఉంటే ఎ, ఎస్ రెండూ ఉండి ఎ కాస్త ఎక్కువగా ఉండాలి, అంటే ఎఫ్ఏఎస్. ఎ కన్నా ఎస్ ఎక్కువగా ఉంటే ఎఫ్ఎస్ఏ, అది సికిల్ బీటా ప్లస్ థలసీమియా వైపు చూపిస్తుంది.

ఎఫ్ఎస్‌కు నాలుగు అర్థాలు ఉండవచ్చు. సికిల్ జన్యువు రెండు వైపుల నుంచీ రావడం, సికిల్‌తో బీటా థలసీమియా, సికిల్‌తో డెల్టా బీటా థలసీమియా, సికిల్‌తో ఎఫ్ కొనసాగే స్థితి. పుట్టినప్పుడు ఎ2 దాదాపు ఉండదు కాబట్టి దాంతో వీటిని విడదీయలేం. ఈ వయసులో పాప రక్తాన్ని ఎన్నిసార్లు నడిపినా జవాబు రాదు. తల్లిదండ్రుల రక్తంలో వస్తుంది.

తండ్రి: ఎ 57, ఎస్ 37, ఎ2 3.2 శాతం, ఎంసీవీ 84. స్పష్టమైన సికిల్ ట్రెయిట్. ఎస్ 30 లోపు ఉండి ఉంటే ఆయనకు ఆల్ఫా లోపం కూడా ఉందేమో అనుకునేవాళ్లం. తల్లి: హిమోగ్లోబిన్ 10.4, ఎర్రకణాలు 54 లక్షలు, ఎంసీవీ 65, ఎ2 5.3 శాతం, ఎస్ లేదు. బీటా థలసీమియా ట్రెయిట్. తల్లిలో ఎస్ లేదు కాబట్టి పాపకు రెండు సికిల్ జన్యువులు ఉండే అవకాశమే లేదు. పాపకు ఉన్నది సికిల్ బీటా థలసీమియా.

చికిత్స ఈ ఖరారు కోసం ఆగదు. ఎఫ్ఎస్ రిపోర్టు వచ్చి రెండో శాంపిల్‌తో నిర్ధారణ కాగానే, రెండు మూడు నెలల వయసు లోపే పెనిసిలిన్ మొదలుపెట్టాలి. ఎఫ్ ఎక్కువగా ఉన్నంతకాలం పాప హాయిగానే కనిపిస్తుంది. ఆ రక్షణ కరిగాక, ఆరో నెల దగ్గర్లో చేతులు, పాదాలు వాచి పాప ఏడవడం మొదటి గుర్తు కావచ్చు. ఇంట్లోవాళ్లకు పొట్ట ఎడమవైపు తడిమి ప్లీహం పెరిగిందో లేదో చూడటం కూడా అప్పుడే నేర్పాలి.

పద్నాలుగు నెలలకు హెచ్‌పీఎల్‌సీ: ఎస్ 66, ఎఫ్ 24, ఎ2 5.6, ఎ విండోలో 4 శాతం. ఎంసీవీ 63. ఇప్పుడు ఆ 4 శాతం ఎ నిజమేనా అన్నది ప్రశ్న. హెచ్‌పీఎల్‌సీలో చక్కెర అంటుకున్న ఎస్ కొంత ఎ దగ్గర బయటపడుతుంది, ఎస్ తాలూకు మరికొంత భాగం ఎ2 విండోలోకి చేరి ఎ2ను పెంచి చూపిస్తుంది. అంటే అచ్చమైన సికిల్ రోగి కూడా పై రిపోర్టు లాంటిది చూపించగలడు. క్యాపిలరీ మీద నడిపితే ఎ 3 శాతం నిలిచింది, ఎ2 కూడా ఎత్తుగానే ఉంది. రక్తం ఎక్కించలేదని కుటుంబం చెప్పింది. అంటే బీటా జన్యువు పూర్తిగా మూగబోలేదు, తీవ్రమైన ప్లస్ రకం. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఐవీఎస్ 1-5 మార్పులో సరిగ్గా ఇలాగే కాస్తంత ఎ మిగులుతుంది. డీఎన్ఏ పరీక్షలో మొదట వెతకాల్సింది దాన్నే. ఇంత కొద్ది ఎ ఉన్నా జబ్బు నడక తేలికగా ఉంటుందని కుటుంబానికి చెప్పకూడదు.

తల్లిదండ్రుల రక్తం దొరకకపోయి ఉంటే? పెద్ద ఎ2, చిన్న ఎంసీవీ చూసి థలసీమియా అని తేల్చేయడం తొందరపాటు. రెండు సికిల్ జన్యువులతోపాటు ఆల్ఫా లోపం ఉన్న పిల్లల్లోనూ ఎంసీవీ తగ్గుతుంది, ఎ2 పెరుగుతుంది. గిరిజన సముదాయాల్లో ఆల్ఫా లోపం అరుదేమీ కాదు. అలాంటప్పుడు రిపోర్టులో “సికిల్ వ్యాధి, రకం డీఎన్ఏతో నిర్ధారించాలి” అని రాసి వదలడమే సబబు.

24 శాతం ఎఫ్ గురించి ఒక మాట. భారతదేశంలో సికిల్ జన్యువుతోపాటు ఎక్కువగా వచ్చే అరబ్-ఇండియన్ నేపథ్యంలో ఎఫ్ సహజంగానే ఎత్తుగా ఉంటుంది. కాబట్టి ఈ వయసులో, ఈ జబ్బులో, ఈ అంకెకు కొత్త కారణం వెతకనక్కర్లేదు. పాపకు హైడ్రాక్సీయూరియా మొదలుపెడితే పోల్చుకోవడానికి ఇదే ఆధారం. మందు మొదలుపెట్టే ముందు శాతం, తేదీ, ఏ యంత్రం మీద చేశారన్నది కార్డులో రాసిపెట్టాలి, తర్వాతి పరీక్షలు కూడా అదే యంత్రం మీద చేయించాలి.

ఈ దంపతులకు ప్రతి కాన్పులోనూ ఇదే జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మరుసటి గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య కోరియానిక్ విల్లస్ శాంపిల్‌తో పిండాన్ని పరీక్షించవచ్చు. అయితే తల్లి బీటా మార్పు ఏమిటో ముందే తెలిసి ఉండాలి. గర్భం నిలిచాక వెతకడం మొదలుపెడితే ఆ వారాలు చేజారిపోతాయి. కాబట్టి ఆమె డీఎన్ఏ శాంపిల్‌ను పాప శాంపిల్‌తోపాటే పంపండి.